సెల్లర్ అగ్రిమెంట్‌ని ఒక్క పేజీలోకి దింపుకోండి

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మకందారుగా చేరేటప్పుడు జీఎస్టీ నంబరు, పాన్, బ్యాంకు ఖాతా వివరాలను ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ ఎక్కిస్తాం. ఆఖర్న వచ్చే ఒప్పందాన్ని మాత్రం వేలితో పైకి తోసేసి టిక్కు కొట్టేస్తాం. ఇందులో అమ్మకందారుల బద్ధకం కొంతే. ఆ ఒప్పందం ఇంగ్లిష్‌లో ఉంటుంది, పొడుగ్గా ఉంటుంది, చదివినా మార్చమని అడిగే వీలుండదు. ఒప్పుకుంటే లోపలికి, లేదంటే బయటికి. మార్చలేనిదాన్ని చదివి ఏం లాభం అన్న ప్రశ్నలో న్యాయం ఉంది.

లాభం ఉంది. ఒప్పందాన్ని మార్చలేకపోయినా, దాన్నిబట్టి ధర ఎంత పెట్టాలో, సరుకు ఎంత పంపాలో, చేతిలో ఎంత డబ్బు ఉంచుకోవాలో నిర్ణయించుకోవచ్చు. అందుకు మొత్తం ఒప్పందం అక్కర్లేదు. కమీషన్, రిటర్న్‌ల భారం, అకౌంట్ సస్పెన్షన్, చెల్లింపుల నిలుపుదల అనే నాలుగు అంశాల సారాంశం ఒక పేజీలో రాసుకుంటే చాలు.

ఈ నాలుగూ నాలుగు చోట్ల కనిపిస్తాయి గానీ, నడిపించే సూత్రం ఒక్కటే. కొన్నవాళ్ల డబ్బు ముందు మీ చేతికి రాదు. మార్కెట్‌ప్లేస్ ఏర్పాటు చేసిన ఖాతాలోకి వెళ్లి, అక్కడ లెక్క తేలాక మీకు వస్తుంది. అందులోంచి ఎంత మినహాయిస్తారో కమీషన్ క్లాజు చెబుతుంది. ఇచ్చినదాన్ని ఎప్పుడు వెనక్కి లాగుతారో రిటర్న్ క్లాజు చెబుతుంది. దారి ఎప్పుడు మూసేస్తారో సస్పెన్షన్ క్లాజు, మూసినప్పుడు లోపలున్న డబ్బు ఎన్నాళ్లు ఆగుతుందో హోల్డ్ క్లాజు చెబుతాయి. కాబట్టి ప్రతి క్లాజు దగ్గరా అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఎంత? ఎప్పుడు? తగాదా వస్తే తేల్చేది ఎవరు?

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. మంగళగిరి చేనేత నూలు చీరలు అమ్మే ఒక చిన్న వ్యాపారి అనుకోండి. ఆమెకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. చీరను నేతగాళ్ల దగ్గర 700 రూపాయలకు తీసుకుంటుంది. ఆన్‌లైన్‌లో 5 శాతం జీఎస్టీతో కలిపి 1,200కు పెడుతుంది. రోజుకు మూడు ఆర్డర్లు వస్తాయి. కింద వాడిన ఫీజులు లెక్క కోసం అనుకున్నవి. మీ రేట్ కార్డులోని అంకెలు వేసుకుంటే మీ లెక్క వస్తుంది.

కమీషన్: రేటు ఒప్పందంలో ఉండదు

కమీషన్ శాతం కోసం ఒప్పందమంతా వెతికినా చాలాసార్లు కనిపించదు. "ఎప్పటికప్పుడు అమల్లో ఉన్న ఫీజుల పట్టిక ప్రకారం" అన్న మాట, దాని పక్కన ఒక లింకు ఉంటాయి. ఆ లింకు తెరిస్తే రేట్ కార్డు వస్తుంది. అలాగే రిటర్న్ పాలసీ, ప్యాకింగ్ పాలసీ, నిషిద్ధ వస్తువుల పాలసీ కూడా. ఇవన్నీ ఒప్పందంలో భాగమేనని ఒక వాక్యం ఉంటుంది. వాటిని మార్చే హక్కు తమదని, మార్చాక కూడా మీరు అమ్ముతూ ఉంటే ఒప్పుకున్నట్టేనని మరో వాక్యం ఉంటుంది. సారాంశంలో మొదట రాసుకోవాల్సినవి ఈ రెండు వాక్యాలే. ఇవాళ్టి రేటు ఇవాళ్టిదే అని వాటి అర్థం. అందుకే రేట్ కార్డు పేజీని తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోవాలి. రేపు తగాదా వచ్చినప్పుడు పాత పేజీ తెరమీద దొరక్కపోవచ్చు.

ఇక "జీరో కమీషన్" సంగతి. ఈమధ్య పెద్ద మార్కెట్‌ప్లేస్‌లు తక్కువ ధర వస్తువులపై కమీషన్ ఎత్తేశాయి. అమెజాన్ ఇండియా 2025 ఏప్రిల్ నుంచి 300 రూపాయల లోపు వస్తువులకు చాలా విభాగాల్లో రెఫరల్ ఫీజు తీసేసింది. మీషో సున్నా కమీషన్‌ను తన ప్రత్యేకతగానే చెప్పుకుంటుంది. అయితే కమీషన్ సున్నా అయినంత మాత్రాన కోత సున్నా కాదు. షిప్పింగ్ చార్జీ, ఆర్డరుకింత అని వేసే ఫిక్స్‌డ్ ఫీజు, సరుకు వాళ్ల గోడౌన్లో పెడితే నిల్వ చార్జీ, ప్రకటనల ఖర్చు విడిగా ఉంటాయి. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. రెండు మార్కెట్‌ప్లేస్‌లను పోల్చేటప్పుడు కమీషన్ శాతాలను కాకుండా, ఒక చీర అమ్మితే చేతికి వచ్చే రూపాయలను పోల్చాలి.

మన వ్యాపారి చీర లెక్క ఇలా ఉంటుంది:

- అమ్మకం ధర: 1,200
- కమీషన్ 12 శాతం: 144
- ఫిక్స్‌డ్ ఫీజు: 30
- షిప్పింగ్: 80
- ఈ మూడింటి మీద (254) జీఎస్టీ 18 శాతం: సుమారు 46
- జీఎస్టీ టీసీఎస్, ఆదాయపన్ను టీడీఎస్ కలిపి: సుమారు 7
- ఖాతాలో పడేది: సుమారు 893

చివరి కోతను చూసి కంగారు పడక్కర్లేదు. అది మార్కెట్‌ప్లేస్ తీసుకునేది కాదు, మీ తరఫున ప్రభుత్వానికి కట్టేది. జీఎస్టీ కింద మూలంలో వసూలు చేసే టీసీఎస్ 2024 జులై 10 నుంచి 1 శాతం నుంచి అర శాతానికి తగ్గింది. పన్ను తీసేసిన ధర మీద లెక్కకడతారు, అది మీ ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్లోకి వస్తుంది. ఆదాయపన్ను టీడీఎస్ 2024 అక్టోబర్ 1 నుంచి 1 శాతం నుంచి 0.1 శాతానికి తగ్గింది, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. వ్యక్తి పేరు మీద నడిపే చిన్న వ్యాపారానికి ఏడాది అమ్మకాలు 5 లక్షలు దాటకపోతే, పాన్ లేదా ఆధార్ ఇచ్చి ఉంటే, ఈ టీడీఎస్ ఉండదు. మన వ్యాపారి రోజుకు మూడు చీరలు అమ్ముతుంది కాబట్టి ఆమెకు ఉంటుంది.

చీర ధరలో ఉన్న జీఎస్టీ సుమారు 57 రూపాయలు. ఫీజుల మీద ఆమె కట్టిన 46 క్రెడిట్‌గా వస్తుంది, టీసీఎస్ కింద పట్టుకున్న దాదాపు 6 కూడా సర్దుబాటవుతుంది. జేబులోంచి కట్టాల్సింది మరో 6. అన్నీ పోను చీరకు 888 రూపాయలు మిగులుతాయి. అందులో చీర ఖరీదు 700, ప్యాకింగ్ 20 తీసేస్తే లాభం 168. ఈ అంకె గుర్తుంచుకోండి. మిగతా మూడు క్లాజులనూ దీనితోనే కొలవాలి.

ఇక్కడే షిప్పింగ్ విషయంలో ఒక మెలిక ఉంది. రేట్ కార్డులో షిప్పింగ్‌ను బరువు శ్లాబుల్లో ఇస్తారు. ఆ బరువు కాటా మీద తూగేదే కానక్కర్లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి, సాధారణంగా 5,000తో భాగించి "వాల్యూమెట్రిక్" బరువు కడతారు. రెండింట్లో ఎక్కువదానికి చార్జీ. 450 గ్రాముల చీరను 35, 28, 6 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే లెక్క బరువు దాదాపు 1.2 కిలోలు అవుతుంది. అదే చీరను 30, 25, 3 సెంటీమీటర్ల కవర్లో సర్దితే 450 గ్రాములే. చీర అదే, శ్లాబు మారిపోయింది. నెలాఖరు స్టేట్‌మెంట్‌లో షిప్పింగ్ అనుకున్నదానికంటే ఎక్కువ పడిందంటే ముందు చూడాల్సింది ఇదే. బరువు తప్పుగా కొలిచారని అభ్యంతరం చెప్పడానికి కూడా గడువు ఉంటుంది. ఆ గడువూ సారాంశంలోకి రావాలి.

రిటర్న్: చట్టం అడిగేది ఒకటి, ఒప్పందం అడిగేది మరొకటి

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు 2020 జులైలో వచ్చాయి. వాటి ప్రకారం సరుకు లోపభూయిష్టంగా ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చూపినట్టు లేకపోయినా, చెప్పిన సమయానికి కాక ఆలస్యంగా అందినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగివ్వనని అనకూడదు. ప్రకృతి వైపరీత్యం లాంటి చేయిదాటిన కారణాలతో అయిన ఆలస్యానికి మినహాయింపు ఉంది. ఇది ఒప్పందంతో తప్పించుకోలేని బాధ్యత.

"రంగు నచ్చలేదు", "మనసు మార్చుకున్నాను" అనే రిటర్న్‌లు ఈ జాబితాలో లేవు. అవి మార్కెట్‌ప్లేస్ పాలసీ వల్ల, దాన్ని మీరు ఒప్పందంలో ఒప్పుకోవడం వల్ల వస్తాయి. తేడా ఎందుకు తెలుసుకోవాలంటే, మొదటిదాన్ని సరుకు బాగుచేసి తగ్గించుకోవచ్చు. రెండోది వ్యాపారం ఖర్చు, దాన్ని ధరలోనే కలుపుకోవాలి. కొన్ని చోట్ల విభాగాన్నిబట్టి "మార్పిడి మాత్రమే" లాంటి వెసులుబాట్లు ఉంటాయి. మీ సరుకు ఏ విభాగంలోకి వస్తుందో, రిటర్న్ గడువు ఎన్ని రోజులో పేజీలో రాసుకోవాలి.

అమ్మకందారుల పరిభాషలో తిరిగొచ్చే పార్శిళ్లు రెండు రకాలు. ఇంటికి వెళ్లినా తీసుకోకుండా తిప్పి పంపినవి ఆర్టీవోలు. క్యాష్ ఆన్ డెలివరీలో ఇవి ఎక్కువ. తీసుకుని, విప్పి చూసి పంపినవి కస్టమర్ రిటర్న్‌లు. కొన్ని మార్కెట్‌ప్లేస్‌లు ఆర్టీవోకి అమ్మకందారు నుంచి షిప్పింగ్ వసూలు చేయవు, కస్టమర్ రిటర్న్‌కి మాత్రం రానూపోనూ చార్జీలు వేస్తాయి. రెండింటికీ విడివిడిగా ఎంత పడుతుందో చూడాలి.

మన వ్యాపారి ఒప్పందం ప్రకారం కస్టమర్ రిటర్న్ అయితే కమీషన్, ఫిక్స్‌డ్ ఫీజు వెనక్కి ఇస్తారు. పోయేటప్పటి షిప్పింగ్ 80 ఇవ్వరు. వచ్చేటప్పటి షిప్పింగ్ 100 వేస్తారు అనుకుందాం. చీర చెక్కుచెదరకుండా వచ్చినా 180 పోయింది, ప్యాకింగ్ 20తో కలిపి 200. ఆ 180 మీద జీఎస్టీ క్రెడిట్‌గా వస్తుందిలే అనుకుని వదిలేశాం. ఒక అమ్మకంలో లాభం 168 అయితే ఒక రిటర్న్‌లో నష్టం 200.

పది ఆర్డర్లలో రెండు తిరిగొస్తే, ఎనిమిదింటి లాభం 1,344 లోంచి 400 పోయి 944 మిగులుతుంది. ఆ రెండింట్లో ఒకటి మళ్లీ అమ్మడానికి పనికిరాకుండా వస్తే మరో 700 పోయి 244 మిగులుతుంది. అంటే పది చీరలు కదిలించి సంపాదించింది పాతిక వందలు కూడా కాదు, రెండున్నర వందల లోపు. కమీషన్ ఒక శాతం పెరిగితే చీరకు పన్నెండు రూపాయలే తేడా. చిన్న అమ్మకందారును ముంచేది కమీషన్ కంటే రిటర్న్‌లే అని అనుభవజ్ఞులు అనేది అందుకే.

చెడిపోయి వచ్చిన చీర భారం ఎవరిది? దీనికోసం మార్కెట్‌ప్లేస్‌లు పరిహారం అడిగే దారి పెట్టాయి. అమెజాన్‌లో దాన్ని సేఫ్-టి క్లెయిమ్ అంటారు, ఫ్లిప్‌కార్ట్‌లో సెల్లర్ ప్రొటెక్షన్ ఫండ్ అంటారు. పేర్లు వేరైనా స్వభావం ఒకటే: ఇది మీ హక్కుగా కాక, వాళ్లు పరిశీలించి ఇచ్చేదిగా రాసి ఉంటుంది. గడువు చిన్నది, రుజువు మీదే.

చీరల్లో జరిగే మోసాలు ఎలా ఉంటాయో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు. జాకెట్టు ముక్క కత్తిరించుకుని చీర తిప్పి పంపడం, ఒకసారి కట్టి మడత పెట్టి పంపడం, కొత్త చీర ఉంచుకుని పాత చీర కవర్లో పెట్టడం. క్లెయిమ్ నిలబడాలంటే వీడియో ఒకే షాట్‌లో ఉండాలి, మధ్యలో ఆపకూడదు. ముందు లేబుల్ మీది ఏడబ్ల్యూబీ నంబరు చదవగలిగేలా చూపించాలి. తర్వాత పార్శిల్ ఆరువైపులా తిప్పి టేపు ఎవరైనా తెరిచారో లేదో చూపించాలి. అప్పుడు కోసి, చీరను పూర్తిగా విప్పి, కొంగు నుంచి జాకెట్టు ముక్క దాకా చూపించాలి. పంపేటప్పుడు కూడా ఇదే చీరను, ఇదే ఆర్డర్ నంబరుతో ఒక వీడియో తీసి ఉంటే పోల్చడానికి వీలవుతుంది. విప్పేసిన తర్వాత తీసిన ఫొటోలు అందంగా ఉన్నా పనికిరావు, అది ఆ పార్శిల్లోదే అని వాటివల్ల రుజువు కాదు. డెలివరీ కుర్రాడు గుమ్మంలో పడేసి వెళ్లిన రిటర్న్ బస్తాను నాలుగు రోజులు మూలన ఉంచితే క్లెయిమ్ గడువు అక్కడే గడిచిపోతుంది.

సస్పెన్షన్: నోటీసు ఎన్నాళ్లు?

ఈ క్లాజులో రెండు రకాల ముగింపులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, కారణం ఉన్నా లేకున్నా ఏ పక్షమైనా ఇన్ని రోజుల నోటీసుతో తప్పుకోవచ్చు అన్నది. రెండోది, ఒప్పందం ఉల్లంఘించారనో, మోసం జరిగిందనో, కొనుగోలుదారులకు హాని ఉందనో మార్కెట్‌ప్లేస్ "తన విచక్షణ మేరకు" భావిస్తే వెంటనే ఆపేయవచ్చు అన్నది. ఆచరణలో చిన్న అమ్మకందారులకు తగిలేది రెండోదే. ఒక పొద్దున లిస్టింగులన్నీ మాయమై, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర పట్టీ కనిపిస్తుంది.

యూరోపియన్ యూనియన్‌లో 2020 జులై 12 నుంచి అమల్లోకి వచ్చిన నియంత్రణ ప్రకారం, వ్యాపారి అకౌంట్‌ను ఆపేటప్పుడు ప్లాట్‌ఫామ్ కారణాలు రాసివ్వాలి, పూర్తిగా తొలగించేటప్పుడు మామూలుగా 30 రోజుల ముందే చెప్పాలి. అంతకుముందే, 2019 జులైలో, జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ తర్వాత అమెజాన్ తన ఒప్పందం మార్చుకుంది. మామూలు తొలగింపుకు 30 రోజుల నోటీసు, వెంటనే తొలగిస్తే కారణం, రిటర్న్ భారం తమమీద వేసినప్పుడు అభ్యంతరం చెప్పడానికి అమ్మకందారుకు 30 రోజులు అనేవి అందులోకి వచ్చాయి. మన 2020 నియమాలు అమ్మకందారుకు ఇలాంటి నోటీసు హక్కు ఇవ్వలేదు. ఒకే విభాగంలోని అమ్మకందారుల మధ్య తేడా చూపిస్తే ఆ సంగతి మార్కెట్‌ప్లేస్ తన నిబంధనల్లో వివరించాలని చెబుతాయి, అంతే. కాబట్టి మన దగ్గర నోటీసు ఎన్నాళ్లన్నది ఒప్పందంలో ఎంత రాసి ఉంటే అంత.

సస్పెన్షన్ ఊరికే ఊడిపడదు. ఎక్కువగా మూడు వైపుల నుంచి వస్తుంది. మొదటిది పనితీరు కొలతలు. అమెజాన్‌లో లోపాలున్న ఆర్డర్ల శాతం 1 లోపు, ఆలస్యంగా పంపినవి 4 లోపు, పంపకముందే మీరు రద్దు చేసినవి 2.5 లోపు ఉండాలి. చిన్న అమ్మకందారుకు ఇది పెద్దవాళ్లకంటే కష్టం. నెలకు 90 ఆర్డర్లు వచ్చే మన వ్యాపారి మూడు చీరలు స్టాకు లేక రద్దు చేస్తే 3.3 శాతం అయిపోయింది. అదే చీరను దుకాణంలోనూ, ఆన్‌లైన్‌లోనూ పెట్టి, దుకాణంలో అమ్మేసి ఇక్కడ తగ్గించడం మరిచిపోతే జరిగేది ఇదే.

రెండోది కాగితాలు. జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఒక చిరునామా, పికప్‌కి మరో చిరునామా. బ్యాంకు ఖాతాలో పేరు ఒకలా, పాన్‌లో ఇంకోలా. ఇంట్లో ఇంకొకరి పేరు మీద ఎప్పుడో తెరిచి ఆగిపోయిన అకౌంట్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతానే దీనికీ ఇవ్వడం. పాత అకౌంట్ మూతపడి ఉంటే, దానికి ఇది "సంబంధిత అకౌంట్" అని రెండూ ఆపేస్తారు.

మూడోది సరుకు అసలుదేనా అన్న ఫిర్యాదు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మరమగ్గం బట్టను ఆ పేరుతో పెట్టినా, ఇంకొకరి ఫొటో వాడినా ఫిర్యాదు వస్తుంది. నిజమైన చేనేతే అమ్ముతున్నా, కొనుగోలు బిల్లు చూపించమంటారు. మాస్టర్ వీవర్ రాసిచ్చిన కచ్చా చీటీ అక్కడ చెల్లదు. తేదీ, పేరు, చిరునామా, చీరల సంఖ్య ఉన్న పక్కా బిల్లు కావాలి. సహకార సంఘం నుంచి కొంటే ఈ ఇబ్బంది తక్కువ.

అకౌంట్ ఆగాక అప్పీలు చేసుకోవచ్చు. ఇందులో చాలామంది పొరపడతారు. పిల్లల చదువులు, అప్పులు ఏకరువు పెడుతూ పేజీలు రాస్తారు. చదివేవాళ్లు వెతికేది మూడే: ఏం జరిగింది, ఇప్పటికే ఏం సరిచేశారు, మళ్లీ జరగకుండా ఏం ఏర్పాటు చేశారు. "కొన్ని కారణాల వల్ల ఆలస్యం అయింది, క్షమించండి" అని రాస్తే అది తిరిగొస్తుంది. "మార్చిలో మూడు ఆర్డర్లు రద్దు చేశాను. అవే చీరలు దుకాణంలో అమ్ముడయ్యాయి. ఏప్రిల్ 2 నుంచి ఆన్‌లైన్ స్టాకును విడి బీరువాలో పెట్టి, అందులో ఉన్న సంఖ్యే లిస్టింగులో చూపిస్తున్నాను" అని రాసి, కొనుగోలు బిల్లులు జతచేస్తే పరిశీలనకు నిలబడుతుంది. వాళ్లు చెప్పిన కారణం తప్పయితే ఒప్పుకోకూడదు. ఏ ఆర్డర్ విషయంలో తప్పో నంబరుతో, రుజువుతో చెప్పాలి. అదే అప్పీలును పదేపదే పంపితే పని జరగదు. కొత్త కాగితం దొరికినప్పుడే మళ్లీ పంపాలి.

హోల్డ్: ఆగిన డబ్బు ఎంత?

డబ్బు ఆగడం మూడు అంచెల్లో ఉంటుంది. మొదటి అంచె రోజువారీది. డెలివరీకి అయిదు రోజులు, తర్వాత రిటర్న్ గడువు లేదా దానికి దగ్గరగా ఒక వారం, ఆపైన వారానికోసారి సెటిల్‌మెంట్. అన్నీ కలిపి ఒక ఆర్డరు డబ్బు చేతికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రెండో అంచె రిజర్వు. రిటర్న్‌లు పెరిగినా, అకౌంట్ కొత్తదైనా, ఫిర్యాదు నడుస్తున్నా కొంత మొత్తం పక్కన పెడతారు. మూడోది సస్పెన్షన్‌తో వచ్చే పూర్తి నిలుపుదల. దీనికి 90 రోజుల గడువు తరచూ కనిపిస్తుంది. కొన్ని ఒప్పందాల్లో రోజుల లెక్కే ఉండదు, "రిస్కు ఉన్నంతకాలం" అని ఉంటుంది. మోసం జరిగిందని తేల్చుకుంటే శాశ్వతంగా ఇవ్వకపోవచ్చన్న వాక్యం కూడా ఉంటుంది. ఈ మూడు మాటల్లో మీ ఒప్పందంలో ఏది ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి.

మన వ్యాపారికి రోజుకు మూడు చీరలు, ఒక్కోదానికి 893. సగటున పదిహేను రోజుల అమ్మకం ఎప్పుడూ లోపల ఉంటుందనుకుంటే సుమారు 40,000 రూపాయలు. ఏ తప్పూ జరగకపోయినా ఆమె అంత డబ్బు అక్కడ వదిలేసి వ్యాపారం చేస్తోందన్నమాట. ఇప్పుడు అకౌంట్ ఆగిందనుకోండి. లోపలున్న 45 ఆర్డర్లలో అయిదో వంతు, అంటే తొమ్మిది తిరిగొస్తే ఆ తొమ్మిదింటి 893లు రావు సరికదా, షిప్పింగ్, దాని జీఎస్టీ కింద ఒక్కోదానికి మరో 212 కోస్తారు. దాదాపు 10,000 తగ్గి 30,000 మిగులుతుంది, అదీ మూడు నెలల తర్వాత. ఈలోగా నేతగాళ్లకు 40కి పైగా చీరల డబ్బు ఆమె చేతినుంచి ఇచ్చుకోవాలి. సరుకు వాళ్ల గోడౌన్లో ఉంటే దాన్ని వెనక్కి తెప్పించుకోవడానికి చార్జీ అదనం.

చట్టం సాయం చేయదా? కొంతే. ఆన్‌లైన్ చెల్లింపులు వసూలుచేసే పేమెంట్ అగ్రిగేటర్లకు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బును బ్యాంకు ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలని, అమ్మకందారుకు ఎప్పటిలోగా ఇవ్వాలో వాటిలో ఉండేది. అయితే రిఫండ్ గడువు తీరేదాకా ఉంచుకోవచ్చని ఒప్పందంలో ఉంటే ఆ గడువు తర్వాతి రోజుకల్లా ఇవ్వాలని ఆ నిబంధనే చెప్పేది. ఆ మార్గదర్శకాలు క్యాష్ ఆన్ డెలివరీకి వర్తించలేదు. ఎంఎస్ఎంఈ చట్టం కింద 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలన్న నియమం గురించి కూడా కొందరు అడుగుతారు. అది సరుకు కొన్నవాళ్లకు వర్తించేది. చీర కొన్నది మార్కెట్‌ప్లేస్ కాదు, ఎక్కడో ఉన్న కొనుగోలుదారు. "మేం మధ్యవర్తులం మాత్రమే" అని ఒప్పందం మొదటి పేజీలోనే ఉండే వాక్యం ఇలాంటి చోట పనికొస్తుంది, వాళ్లకి.

చివరికి మిగిలేది ఆర్బిట్రేషన్ లేదా కోర్టు. ఆ క్లాజులో ఊరి పేరు చూడండి. ఢిల్లీ, బెంగళూరు లాంటి నగరాలు ఉంటాయి. 30,000 కోసం మంగళగిరి నుంచి అక్కడికి తిరగడం లెక్కకు తూగదు. అందుకే అమ్మకందారు అసలు రక్షణ తగాదా వచ్చాక వెతుక్కునేది కాదు. ముందే డబ్బును అక్కడ పేరుకోనివ్వకపోవడం, కాగితాలను అక్కడే వదిలేయకపోవడం. అకౌంట్ ఆగితే డ్యాష్‌బోర్డులోని నివేదికలు కూడా తెరుచుకోకపోవచ్చు. ప్రతి సోమవారం సెటిల్‌మెంట్ రిపోర్టు, ఆర్డర్ల జాబితా, రిటర్న్‌ల జాబితా దించుకుని కంప్యూటర్లో పెట్టుకుంటే ఎంత రావాలో మీరే చెప్పగలరు.

ఆ పేజీ ఎలా ఉంటుంది

మన వ్యాపారి రాసుకున్న సారాంశం ఇదీ:

- కమీషన్: 12 శాతం, ఫిక్స్‌డ్ 30, షిప్పింగ్ అర కిలో దాకా 80. ఫీజుల మీద 18 శాతం. రేటు మార్చే హక్కు వాళ్లది, నోటీసు ఇన్ని రోజులు. చీరకు నాకు మిగిలేది 168.
- రిటర్న్: గడువు 7 రోజులు. ఒక్కోదానికి నష్టం 200, చీర చెడితే 900. క్లెయిమ్ గడువు ఇన్ని రోజులు, వీడియో తప్పనిసరి. తేల్చేది వాళ్లు.
- సస్పెన్షన్: రద్దులు 2.5 శాతం లోపు. వెంటనే ఆపే హక్కు వాళ్లకు ఉంది. అప్పీలు డ్యాష్‌బోర్డులో. బిల్లులు ఈ ఫైల్లో.
- హోల్డ్: మామూలుగా లోపల ఉండేది 40,000. ఆపితే 90 రోజులు. కోర్టు ఊరు ఫలానా.

దీన్ని ముందేసుకుని ఆమె మూడు నిర్ణయాలు తీసుకోవచ్చు. పది చీరల్లో రెండు తిరిగొచ్చి అందులో ఒకటి చెడినా చీరకు వంద రూపాయలు మిగలాలంటే, ఎనిమిది అమ్మకాల మీద మరో 756 రావాలి. అంటే చీరకు 95 అదనంగా మిగలాలి. కమీషన్, దాని మీద పన్ను, చీర మీద జీఎస్టీ కలుపుకుంటే ధర 1,200 నుంచి 1,315 దగ్గరికి వెళ్లాలి. ఆ ధరకు అమ్ముడుపోదనుకుంటే ఆ చీర ఆన్‌లైన్‌కు సరిపోదు, ఖరీదు ఎక్కువ ఉన్న రకం పెట్టాలి. రెండోది, లోపల ఉండే డబ్బుకు ఒక హద్దు. 40,000 మూడు నెలలు ఆగినా నేతగాళ్లకు కట్టగలిగితే సరే. లేకపోతే దుకాణం, వాట్సాప్ అమ్మకాలు, ఇంకో మార్కెట్‌ప్లేస్ మధ్య ఆర్డర్లు పంచుకోవాలి. మూడోది, పేజీలో ఏ గీత ఖాళీగా మిగిలిందో చూడటం. "ఇన్ని రోజులు" అన్నచోట అంకె దొరక్కపోతే సెల్లర్ సపోర్టుకు టికెట్ పెట్టి, జవాబు రాతలో తీసుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట రేపు పనికిరాదు. హోల్డ్ గడువు గీత ఖాళీగానే ఉండిపోతే, ఆ అంకె వచ్చేదాకా సరుకు వాళ్ల గోడౌన్‌కు పంపకుండా, ఇంటి దగ్గరే ఉంచి ఆర్డరు వచ్చినప్పుడే పంపడం మేలు.